ధ్వజముపైన గరుడుడు, పాదములక్రింద గరుడుడు

ముందు చాపలమీద కూర్చున్న చిరంజీవులు ఉపన్యాసము ఎంతసేపని అప్పుడే గుసగుసలాడుచున్నారు. ఎవరి స్మృత్యర్థమై ఈ సభ జరుగుచున్నదో ఆ పండితులు పురాణమును పెద్దలకు చెప్పుటకంటె పిల్లలకు చెప్పుటయే కష్టమని అనుచుండెడివారు. పెద్దలు తెలియనిచోట తల యూపి ఊరకుందురు, పిల్లలు ఊరకుండరు. అందుచేత నేటి ప్రసంగమునకు పిల్లలు తరచుగా అడుగు ప్రశ్ననే విషయముగా గ్రహించితిని. దేవుడు అంతటను ఉన్నాడని మీరే చెప్పుచున్నారు గదా, అట్టివానికి ఎక్కి తిరుగుటకు ఒక ఎద్దో, పక్షియో, పామో ఎందుకు కావలసివచ్చినది? ఈ ప్రశ్నకు సర్వదేవతల వాహనములను వరుసగా వర్ణించి ప్రత్యుత్తరము చెప్పబూనినచో అది పట్టిక యగును గాని ప్రసంగము కాదు. కావున తిరుమల బ్రహ్మోత్సవములలో మలయప్పస్వామి అధిరోహించు వాహనములలో కొన్నింటిని, వానిలోనూ ముఖ్యముగా గరుడుని, ఆధారముగా గొని నాకు తోచినది విన్నవించెదను.

ఈ ప్రశ్నకు మనము సాధారణముగా చెప్పు సమాధానము ఒకటి కలదు. ఎలుక అనగా కోరిక, దానిని వినాయకుడు అణచి కూర్చున్నాడు; నెమలి అనగా గర్వము, దానిని కుమారస్వామి లోబరచుకొన్నాడు; సింహమనగా క్రోధము, దానిని అమ్మవారు వశపరచుకొన్నది అని ఒక్కొక్క జంతువునకు ఒక్కొక్క దుర్గుణమును అంటగట్టుదుము. ఇట్టి వ్యాఖ్యానము తప్పని నేను అనను. వేదాంతులకు అది ఉపయోగింపవచ్చును. కాని పిల్లలకు చెప్పునప్పుడు అది రెండు విధముల చెడును. ఒక బడిలో ఎలుకను కోరిక అన్న ఉపాధ్యాయునికి పొరుగుబడిలో ఎలుకను అహంకారమన్న ఉపాధ్యాయుడు ఎదురగును. ఇద్దరిలో ఎవరు సరియని బాలుడడిగినచో చూపుటకు ఇద్దరికిని కథ లేదు. పైగా ముద్గలపురాణము వినాయకుని ఎనిమిది అవతారములను చెప్పుచు, వానిలో వక్రతుండునకు సింహమును, వికటునకు మయూరమును, విఘ్నరాజునకు శేషుని, తక్కినవారికి మూషికమును వాహనములుగా చెప్పినది. ఎలుక కోరికయే యైనచో ఆ మూడు అవతారములలో స్వామి కోరికను జయింపలేదని చెప్పవలసివచ్చును! ఇక రెండవది ఇంతకంటె ముఖ్యము. ఆ జంతువు దుర్గుణమే యైనచో దానిని మనమేల పూజించుచున్నాము? శివాలయములో నంది చెవిలో తన కోరికను చెప్పుకొను గృహిణి ఒక దుర్గుణముతో మాటలాడుచున్నదా? ఆమె తనకంటె స్వామికి చేరువైన ఒకానొక వ్యక్తితో మాటలాడుచున్నది. వాహనమును గుర్తుగా గాక వ్యక్తిగా చూచుట మన పూజావిధానమునందే యున్నది. వ్యాఖ్యానములందే అది మరుగుపడినది.

చరిత్రను ఒకింత తడవి ముందునకు పోవుదము. వేదములయందలి దేవతలు జంతువులపై ఎక్కి తిరుగుట కంటె జంతువులు లాగు రథములపై తిరుగుటయే మెండు. ఇంద్రుని రథమునకు హరులను గుర్రములు, పూషుని రథమునకు మేకలు, మరుత్తుల రథములకు చుక్కల జింకలు కట్టబడియుండెను. దేవత రథము దిగి జంతువుపైననే కూర్చుండుట, ఆ జంతువును బట్టియే దేవతను ఆనవాలు పట్టుట క్రమక్రమముగా స్థిరపడిన సంప్రదాయము. తిరుపతికి సమీపముననే యున్న గుడిమల్లములో మిక్కిలి ప్రాచీనమైన శివలింగము కలదు. దానిపై మలచిన శివుడు నిలిచియున్నది నందిమీద కాదు, ఒక కుబ్జరూపుని భుజములమీద. మృగము ఆయన పాదములక్రింద గాక చేతిలో వ్రేలాడుచున్నది. ఇక గరుడుని విషయమున వాహనశిల్పముల కంటె ముందు ధ్వజమే మనకు కానవచ్చుచున్నది. క్రీస్తుపూర్వము రెండవ శతాబ్దిలో తక్షశిలనుండి దూతగా వచ్చిన హెలియొడోరసు అను యవనుడు మధ్యప్రదేశమందలి విదిశచెంత, బేస్‌నగరమున, దేవదేవుడగు వాసుదేవునకు గరుడధ్వజమును నిలిపినట్లు అక్కడి స్తంభశాసనము చెప్పుచున్నది. పరదేశి యొకడు స్వామికి కానుక యొసగదలచి ఆయన గుర్తుగా ఎత్తించినది పక్షిని. ధ్వజమా, వాహనమా, రెంటిలో ఏది మొదటిదని పండితులు వాదించుకొనవచ్చును. మహాభారతము మాత్రము రెండును ఒక్క ముహూర్తమున కలిగినవని చెప్పుచున్నది. ఆ కథయే నా ప్రసంగమునకు ప్రాణము. పిల్లలు ఇక చెవి యొగ్గవలెను.

ఆదిపర్వమున కశ్యపునికి కద్రువ, వినత యని ఇద్దరు భార్యలు. కద్రువ వేయిమంది సర్పములను కుమారులుగా కోరెను. వినత వారికంటె బలవంతులైన ఇద్దరే చాలుననెను. కద్రువ గ్రుడ్లు ముందుగా పగిలి పిల్లలు బయటికి వచ్చిరి. తన గ్రుడ్లు ఇంకను పగులలేదని ఆత్రపడి వినత ఒక గ్రుడ్డును తానే చిదిపెను. అందుండి తొడలు లేని కుమారుడు బయటపడి, తొందరపాటు వలన నన్ను వికలాంగుని చేసితివి గనుక నీవు నీ సవతికి దాసివై యుందువని శపించి, రెండవ గ్రుడ్డునైనను ఓపికతో కాచుకొనుమని హెచ్చరించి ఆకసమునకేగి సూర్యునికి సారథి యాయెను. అతడే అనూరుడు, అరుణుడు.

కొంతకాలమునకు పాలసముద్రమున పుట్టిన ఉచ్చైఃశ్రవమను తెల్లగుర్రమును చూచి అక్కచెల్లెండ్రు పందెము వేసికొనిరి. తోకకూడ తెలుపేయని వినత అన్నది; తోక నలుపని కద్రువ అన్నది; ఓడినవారు గెలిచినవారికి దాస్యము చేయవలెను. ఆ రాత్రి కద్రువ తన కుమారులను పిలిచి, నల్లని వెండ్రుకలవలె ఆ తోకను పట్టి వ్రేలాడుడని ఆజ్ఞాపించెను. ఇది అధర్మమని కాదన్నవారిని జనమేజయుని సర్పయాగములో మాడిపొండని శపించెను. ఆ శాపమునకు బెదరి కొందరు తల్లి చెప్పినట్లు చేసిరి, మరునాడు తోక నల్లగా కనబడెను, వినత దాసి యాయెను. ఈ సోదరుల దుష్టత్వమును సహింపజాలక వారిని విడిచిపోయి ఏకాంతమున తపస్సు చేసిన పెద్దకుమారుడు ఒకడున్నాడు. అతడు శేషుడు. తమ్ములతో కలిసియుండుట నాకు రోతగానున్నదని బ్రహ్మతో చెప్పి, ఆయన ఆజ్ఞచే భూభారమును తలదాల్చినవాడు అతడే. ఈ పేరును పిల్లలు గుర్తుంచుకొనవలెను, మరల పనిబడును.

రెండవ గ్రుడ్డునుండి గరుడుడు కాలము నిండిన పిదప తనంత తానే పుట్టెను. తల్లియు తానును పాములను వీపుమీద మోయుచుండుట చూచి కారణమడిగి, విడుదలకు వెల యేమని పాములనే అడిగెను. అమృతమును తెమ్మని వారనిరి. ఆ దారిలో జరిగిన ఒక సంగతిని పెద్దలు తరచుగా దాటవేయుదురు, నాకు మాత్రము అది మిక్కిలి ప్రియము. ఆకలితో నున్న గరుడుడు పట్టుకొన్న ఏనుగును తాబేటిని భుజించుటకై ఒక మహావృక్షపు కొమ్మపై వాలగా ఆ కొమ్మ విరిగెను. విరిగిన కొమ్మకు తలక్రిందులుగా వ్రేలాడుచు బొటనవ్రేలంతటి వాలఖిల్య మునులు తపస్సు చేయుచుండిరి. కొమ్మ నేలబడినచో వారు చత్తురని గరుడుడు దానిని ముక్కున కరచుకొని, కాళ్లతో ఏనుగును తాబేటిని పట్టుకొని, దిగుటకు చోటు తోచక, తండ్రి కంటబడి ఆయన వేడికోలుచే మునులు దిగిపోవువరకు ఆకసమున తిరుగుచునే యుండెను. తాను ఏ బరువు మోయుచున్నను, చిన్నవారికి హాని కలుగకుండ మోయు శీలము ఇచ్చటనే కనబడినది. స్వామిని మోయవలసినవాని పరీక్ష ఈ కొమ్మతోనే ఆరంభమైనదని నా అభిప్రాయము. వ్యాసుడు అట్లు చెప్పలేదు.

అటుపిమ్మట దేవతలతో యుద్ధము, చుట్టును నిప్పుకోట, లోపల వాడియంచులతో తిరుగు చక్రము, దాని క్రింద రెప్పవేయని రెండు పాములు. అన్నియు దాటి అమృతకలశమును చేజిక్కించుకొని గరుడుడు ఎగిరెను. ఇచ్చటనే ముఖ్యఘట్టము. అమృతము చేతిలోనున్నది. దారిపొడవున అడ్డుపడువాడు లేడు. ఒక్క గుక్క త్రాగినను అడుగువాడు లేడు. అతడు త్రాగలేదు. అది తన సొత్తు కాదు, తల్లి విడుదలకై తెచ్చుచున్న వెల. ఆ నిరపేక్షతను చూచి విష్ణువు మెచ్చి వరము కోరుమనెను. గరుడుడు కోరినది వినదగినది: నీకంటె పైన నేనుండవలెను, అమృతము త్రాగకయే నాకు ముసలితనమును మరణమును లేకుండవలెను. స్వామి ఔననెను. అంతట పిల్లవాని చొరవతో గరుడుడు తిరిగి స్వామినే, నీవును నన్నొక వరమడుగుమనెను. నాకు వాహనమవు కమ్మని విష్ణువు కోరెను. ఒకరు పైన ఉండవలెనని, వేరొకరు ఆతనిపై ఎక్కవలెనని ఇచ్చికొన్న వరములు పరస్పరవిరుద్ధములు గదా! స్వామి ఆ చిక్కును తీర్చిన విధమేమనగా, గరుడుని తన ధ్వజముపై నిలిపి పైన ఉంచుకొనెను; తన పాదములక్రింద ఉంచి వాహనము చేసికొనెను.

కథాశేషమును రెండు మాటలలో చెప్పెదను. గరుడుడు అమృతమును దర్భలపై నుంచి తల్లిని విడిపించుకొనెను; పాములు స్నానము చేసి వచ్చునంతలో ఇంద్రుడు కలశమును తీసికొనిపోయెను; దర్భలను నాకిన పాముల నాలుకలు చీలెను.

ఇప్పుడు తిరుమలకు పోవుదము. తొమ్మిదిదినముల ఉత్సవమునకు మొదటిపని ధ్వజారోహణము. నూతనవస్త్రముపై గరుడుని చిత్రించి, పూజించి, నివేదన చేసి, భేరీనాదముతోను మంత్రములతోను సకలదేవతలను ఆహ్వానించుచు ఆ పటమును ధ్వజస్తంభపు కొనకు ఎత్తుదురు. మన ఊళ్ల గుడులలోనూ ఇదే రీతి. ఆ వేళ గరుడునకు నివేదించిన ప్రసాదమును సంతానమును కోరు స్త్రీలు భక్తితో స్వీకరించుట చాలచోట్ల కలదు. ఆ పటము ఉత్సవాంతమువరకు స్వామికంటె ఎత్తున ఎగురుచుండును. గరుడుడు కోరిన వరము తొలిదినముననే తీరినది. అయిదవనాటి రాత్రి స్వామి గరుడునిపై ఎక్కి నాలుగు మాడవీధులలో విహరించును. స్వామి కోరిన వరము ఆ రాత్రి తీరును. ఆదిపర్వపు ఒక్క సంభాషణ అయిదు దినములలో వీధిలో నడచుచున్నదన్నమాట. గరుడసేవ నాడు లక్షలాదిగా వచ్చు జనులలో ఎందరో వీధిని మాత్రమే చూచి, ధ్వజస్తంభపు కొనను చూడక మరలిపోవుదురు. పిల్లలను వెంట తీసికొనిపోవువారు ముందుగా పైకి చూపింపవలెనని నా మనవి.

తక్కిన దినములలో ఏమి జరుగునో చూడుడు. ధ్వజారోహణమైన నాటి రాత్రియే స్వామి శ్రీదేవీ భూదేవులతో ఏడుపడగల పెద్దశేషునిపై ఊరేగును. మరునాటి ఉదయము అయిదుపడగల చిన్నశేషునిపై ఒంటిగా వచ్చును. చిన్నశేషుడు వాసుకి యని పెద్దలు చెప్పుదురు. ఏడవనాటి ఉదయము సూర్యప్రభపై స్వామి వచ్చునప్పుడు ఏడు గుర్రముల పగ్గములు పట్టి కూర్చుండునది అనూరుడు. అనగా కద్రువ కుమారులు, వినత కుమారులు ఇరువురు, పందెముతో పగబట్టిన ఆ ఇంటి బిడ్డలందరును ఒకే ఉత్సవమున స్వామిని మోయుచున్నారు. పాములకు గరుడుడు జన్మశత్రువు. అయినను తొలిరాత్రి మోయువాడు పాము, అయిదవరాత్రి మోయువాడు ఆ పాముల పగవాడు. మోసమునకు లోబడక వెళ్లిపోయిన శేషునకు ముందువరుసలో చోటు. పగను నెమరువేయుచు కూర్చుండక తల్లిని విడిపించుకొన్న గరుడునకు నడిమిచోటు. తల్లి తొందరపాటుచే కాళ్లు లేక పుట్టినవానికి, నడువనక్కరలేని సారథిపీఠము. ఎలుక కోరిక, నెమలి గర్వము అని వల్లించుటకంటె ఈ ముగ్గురు అన్నదమ్ములను చూపించిన పిల్లలకు బోధపడునది హెచ్చని నేను నమ్మెదను. సవతి పిల్లలు, దాయాదులు, పగలు అనునవి వారు ఇండ్లలోనే చూచుచున్నారు గదా.

కంటితో చూచి గ్రహింపవలసినది ఇంకొకటి యున్నది. గర్భాలయమునకు ఎదురుగా, బంగారువాకిలి ముందటి మంటపమున, గరుడుడు చేతులు జోడించి స్వామినే చూచుచు నిలిచియుండును. మన శివాలయములలోని నందియు అంతే. లేపాక్షిలోని మహానంది గుడికి దూరముగా, ఒంటరిగా ఉన్నను, గుడిలోని నాగలింగమువైపే తల యెత్తియున్నది. అట్లు చూచుచుండు గరుడుడే వాహనమైననాడు స్వామికి వీపు త్రిప్పి, ఒక మోకాలు నేలకానించి, రెక్కలు విప్పి, ముఖమును మనవైపు పెట్టును. గుడిలోపల ఉన్నప్పుడు మన తరఫున స్వామిని చూచువాడు. వీధిలో స్వామి తరఫున మనలను చూచువాడు. వాహనమను పదవియొక్క పని ఇదియే. గుడికి రాలేని ముసలివారు, రోగులు, పూర్వము గుడిలోనికి రానీయబడని జాతులవారుకూడ స్వామిని చూచినది ఈ వీధివాహనములపైననే. ఉత్సవదినములలో స్వామిని మాడవీధికి మోసికొనివచ్చువారి భుజములను గూడ నేను వాహనములోనే చేర్తును. కొయ్యగరుడుడు తనంత తాను ఎగురడు; అడుగులు కలిపి నడచు బోయీలు లేనిచో ఆతడు మంటపములోనే యుండును.

అంతటా ఉన్నవానికి వాహనమెందుకు అను మొదటి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. తెలుగుపిల్లలకు చెప్పుటకు పోతనగారి గజేంద్రమోక్షము ఉన్నది. ఏనుగు మొర విన్న హరి లక్ష్మికి చెప్పక, శంఖచక్రములు ధరింపక, గరుడుని సిద్ధముచేయించుకొనక బయలుదేరెనని, లక్ష్మియు అంతఃపురజనమును పరుగెత్తగా వారి వెనుక పక్షిరాజు వచ్చెనని పోతన చిత్రించినాడు. తొందర పనిబడినప్పుడు స్వామి వాహనమును కోరలేదు. వాహనమే స్వామి వెంట పరుగెత్తినది! కాబట్టి వాహనము స్వామికి అవసరమై ఏర్పడినది కాదు. అడిగి పుచ్చుకొన్న స్నేహము అది. గరుడుడు వరమడిగి, తానును వరమిచ్చినాడు. మోయుట అతనికి స్వామి విధించిన శిక్ష కాదు, మోయించుకొనుట స్వామి తీర్చుకొన్న ముచ్చట. ఎత్తుకొనుమని మారాము చేయు చెల్లెలిని వీపునెక్కించుకొని నడచు అన్నకు, ఆమెకు కాళ్లున్నవని తెలియదా?

ఈ వివరణమునకు ఎల్లలు కలవు. హంసపై సరస్వతి, మొసలిపై గంగ, కాకిపై శని అను ప్రతి వాహనమునకును ఇంతటి కథ దొరకదు. మొసలి గంగలో నివసించును గనుక గంగపాదములచెంత చేరినది; అక్కడ కథను కల్పించి చెప్పుట అనవసరము, ఆ నదిలో ఆ జంతువున్నదని చెప్పిన చాలును. నెమలికిని సింహమునకును కథలు కలవు గాని అవి ప్రాంతమును బట్టి మారుచుండును. పిల్లలకు తమ ఊరి గుడిలో చెప్పుకొను కథయే ముందుగా చెప్పవలెను. ఇక వినాయకుని ఎలుక గజముఖమునకు ఎదురుగా అంత చిన్న ప్రాణి ఉండుటను చూచి పిల్లలు ముందుగా నవ్వుదురు; ఆ నవ్వును వ్యాఖ్యానముతో ఆపివేయనక్కరలేదు.

తిరుమల ఉత్సవమున ఎనిమిదవనాటి రాత్రి స్వామి గుర్రమునెక్కి వచ్చును. అది కల్కిరూపమని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు, దానిని నేను కాదనను. కాని ఈ కథ విన్న పిల్లలను ఆ వీధికి తీసికొనిపోయినచో వారు స్వామికి మ్రొక్కిన వెనువెంటనే గుర్రపుతోక ఏ రంగో చూతురు. నలుపని ఒకరు, తెలుపని ఒకరు వాదులాడుదురు. పందెములు మాత్రము వేయనీయకుడు.